ఒక్క కస్టమరే 76 శాతం: ఎంతవరకు తగ్గించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

టర్నింగ్_షాపు

అందరికీ నమస్కారం. మాది చిన్న మెషిన్ షాపు. మూడు సీఎన్‌సీ లేత్‌లు, ఒక మిల్లింగ్ మెషిను, రెండు షిఫ్టులు, మొత్తం పదకొండు మంది. హైడ్రాలిక్ ఫిట్టింగులు, చిన్న షాఫ్టులు, బుష్‌లు చేస్తాం. నెల అమ్మకం 100 అనుకుంటే అందులో 76 ఒకే కంపెనీది. మిగతా 24 ఆరేడుగురు చిన్న కస్టమర్లది.

ఆ కంపెనీతో గొడవలేమీ లేవు. బిల్లు పంపిన 90 రోజులకు డబ్బు వేస్తారు, ఆలస్యం చేయరు. కానీ ఈమధ్య పర్చేజ్‌లో మనుషులు మారారు. కొత్తాయన వచ్చీ రాగానే అన్ని భాగాల మీదా 5 శాతం ధర తగ్గించమని మెయిల్ పెట్టాడు. లెక్క చూస్తే ఆ 5 శాతం మాకు నెల చివర మిగిలేదాంట్లో దాదాపు సగం. కాదందామంటే ధైర్యం చాలడం లేదు. అప్పుడు అర్థమైంది మేం ఎక్కడ నిలబడి ఉన్నామో.

అడిగిన ప్రతివాళ్లూ కొత్త కస్టమర్లను వెతుక్కో అంటున్నారు. వెతకొచ్చు, కానీ మెషిన్లు ఖాళీగా లేవు. కొత్తవాళ్ల పని ఏ మెషిను మీద పెట్టను? ఇంతకీ ఎంత శాతానికి దిగితే క్షేమం అనుకోవాలి? ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

నిప్పురవ్వ

అన్నా, సూత్రం ఒక్కటే. ఎవరి వాటా 25 శాతం దాటనివ్వొద్దు. ఆ 5 శాతం అడిగినాయనకు ఎదురు 15 శాతం పెంచి కొటేషన్ పంపు. నీ పని బాగుంటే ఇస్తారు. ఇవ్వకపోతే పోతారు, నీకు మెషిన్లు ఖాళీ అవుతాయి, కొత్తవాళ్లను పెట్టుకోవచ్చు. భయపడినన్నాళ్లూ తొక్కుతూనే ఉంటారు.

అట్టపెట్టెలు

నిప్పురవ్వ గారూ, మెషిన్లు ఖాళీ అయ్యాక కొత్త పని రావడానికి ఎంత కాలం పడుతుందో చూసినవాళ్లు ఆ మాట అనరు.

మాది ప్యాకింగ్ పెట్టెల యూనిట్. మా పెద్ద కస్టమరు తన ప్లాంటును ఇంకో ఊరికి మార్చుకుని అక్కడి వాళ్ల దగ్గర కొనడం మొదలెట్టాడు. టర్నింగ్_షాపు గారికి ఒక్క విషయం చెప్పాలి. వాళ్లు వెళ్లిపోయిన మొదటి రెండు నెలలు మా బ్యాంకు ఖాతా ఎప్పుడూ లేనంత నిండుగా కనిపించింది. పాత బిల్లుల డబ్బు వస్తోంది, కొత్తగా కాగితం కొనే పని లేదు. అందుకే ఎవరినీ తీసేయలేదు, అద్దె గోడౌను వదల్లేదు. మూడో నెల దాటాక రావాల్సిన బిల్లు ఒక్కటీ లేదు, జీతాలు మాత్రం అలాగే ఉన్నాయి. అసలు దెబ్బ ఆర్డరు ఆగిన రోజున తగలదు, చివరి బిల్లు చెల్లిన తరువాత తగులుతుంది.

లెక్కల_శ్రీదేవి

చిన్న యూనిట్ల ఖాతాలు చూడటం నా పని. అట్టపెట్టెలు గారు చెప్పింది నేను చాలాచోట్ల చూశాను.

25 అనో 30 అనో ఒక శాతం పట్టుకుని కూర్చుంటే లాభం లేదండీ. అమ్మకంలో వాటా కన్నా, ఆ కస్టమరు లేని రోజున మిగిలినవాళ్ల నుంచి వచ్చేది మీ తప్పనిసరి ఖర్చులకు సరిపోతుందా లేదా అన్నది చూడాలి. 60 శాతం ఉన్నా నిలబడే యూనిట్లున్నాయి, 35 శాతం పోతేనే కూలేవీ ఉన్నాయి.

టర్నింగ్_షాపు గారూ, అదే 100 కొలతలో ఇవి చెప్పండి. పెద్దాయన పనిలో ముడిసరుకు, బయట చేయించే ప్లేటింగ్, హీట్ ట్రీట్‌మెంట్ తీసేస్తే మిగిలేదెంత? మిగతావాళ్ల పనిలో ఎంత? జీతాలు, అద్దె, కంతులు, కరెంటు కలిపి నెలకు ఎంత? అన్నీ కుదించి షాపును బతికించడానికి కనీసం ఎంత కావాలి? బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు ఎంత వాడుతున్నారు?

టర్నింగ్_షాపు

రాత్రి కూర్చుని తీశాను మేడం.

పెద్దాయన 76లో సరుకు, బయటి పనులు 40 పోతే 36 మిగులుతుంది. చిన్నవాళ్ల 24లో 8 పోతే 16. మొత్తం 52. నెల ఖర్చులు 44. చివరికి 8 మిగులు. రెండో షిఫ్టు, ఓటీ, వాహనం అన్నీ ఆపేస్తే ఖర్చు 30కి దిగుతుంది, అంతకన్నా కుదరదు.

ఓవర్‌డ్రాఫ్టు 80 వాడేశాం. ఖాతాలో విడిగా నిల్వ ఏమీ లేదు. సరుకు, ప్లేటింగ్ వాళ్లకు మేం ఇవ్వాల్సినది 60 ఉంటుంది.

లెక్కల_శ్రీదేవి

రేపే ఆర్డర్లు ఆగిపోయాయనుకుని మూడు నెలలు ముందుకు నడిపి చూద్దాం.

పెద్దాయన నుంచి రావాల్సిన బకాయి మూడు నెలలది, అంటే 228. చిన్నవాళ్ల మిగులు మూడు నెలలకు 48. కలిపి 276. ఇందులోంచి ఖర్చులు 132, సరుకు వాళ్లకు 60 పోతే 84 ఉండాలి. చూడటానికి చాలానే ఉంది. కానీ బ్యాంకు మీకు ఓవర్‌డ్రాఫ్టు ఇచ్చింది ఆ బకాయిలను చూసే. బకాయి తగ్గేకొద్దీ మీరు వాడుకోగలిగే పరిమితి కూడా తగ్గుతుంది, వచ్చిన డబ్బు ముందు అక్కడికే వెళ్తుంది. 84లో 80 పోయి చేతిలో 4 ఉంటుంది.

ఇదంతా వాళ్లు పైసా ఆపకుండా ఇస్తేనే. వెళ్లిపోయే కస్టమరు చివరి బిల్లుల మీద రిజెక్షన్ పేరుతో డెబిట్ నోట్లు వేయడం కొత్తేమీ కాదు. 228లో అయిదో వంతు ఆపినా మీరు 40 పైచిలుకు లోటులో ఉంటారు.

కాబట్టి మీ లక్ష్యం నా లెక్కలో ఇది: చిన్నవాళ్ల మిగులు 16 నుంచి 30కి రావాలి. అప్పుడు పెద్దాయన వెళ్లినా తలుపులు తెరిచే ఉంటాయి. పెద్దాయన వాటా 76 నుంచి ఎంతకు దిగుతుందన్నది దాని వెనకే వస్తుంది, విడిగా పట్టించుకోవక్కర్లేదు.

భాను_స్టూడియో

నాదీ ఇదే సమస్యండీ! 90 రోజుల దాకా డబ్బు ఇవ్వకపోవడం దారుణం. మా క్లయింటు కూడా ఇంతే, ఒక్కడే ఉన్నాడు, బిల్లుల వెనక తిరగడమే సరిపోతోంది. లాయరు చేత నోటీసు పంపిస్తే దారికొచ్చాడు. లేదంటే ఆ బిల్లులు ఫ్యాక్టరింగ్ కంపెనీకి అమ్మేయండి, వెంటనే డబ్బొస్తుంది.

లెక్కల_శ్రీదేవి

భాను గారూ, వీరి కస్టమరు గడువు ప్రకారమే ఇస్తున్నాడు, ఆలస్యం లేదు. ఆ ఒక్కడే లేకుండా పోతే ఏం చేయాలన్నది వీరి ప్రశ్న.

ఫ్యాక్టరింగ్ మాట మంచిదే, కానీ సరిగ్గా ఇలాంటివాళ్లకే అది పూర్తిగా అక్కరకు రాదు. బిల్లుల మీద డబ్బిచ్చేవాళ్లలో చాలామంది ఒకే కస్టమరు వాటా ఒక హద్దు దాటితే ఆ పైదాన్ని లెక్కలోకి తీసుకోరు. మనం చూస్తున్న ముప్పు వాళ్లకూ కనిపిస్తుంది మరి.

పర్చేజ్_మాజీ

ఇరవై ఏళ్లకు పైగా కొనే వైపు కూర్చున్నాను. ఆలస్యంగా వచ్చాను, రెండు మాటలు.

మొదటిది, శ్రీదేవి గారు అడగనిది. చిన్నవాళ్ల పనిలో సెట్టింగ్ సమయం లెక్కేశారా? పెద్ద కంపెనీ లాట్ రెండు వేల ముక్కలు ఉంటుంది, ఒకసారి సెట్ చేస్తే రోజుల తరబడి నడుస్తుంది. చిన్నవాడి లాట్ అరవై ముక్కలు. జాస్ మార్చడం, టూల్ ఆఫ్‌సెట్లు, మొదటి ముక్క కొలతలు, ఇవన్నీ అయ్యేసరికి నాలుగైదు గంటలు. అమ్మకంలో ఎంత మిగిలిందన్నది కాక, మెషిను గంటకు ఎంత మిగిలిందో చూడండి, సెట్టింగ్ గంటలతో సహా. మీ దగ్గర అమ్ముకునేది గంటలే.

రెండోది, మీ కస్టమరుకు ఇది తెలిస్తే కోపం వస్తుందని భయపడుతున్నట్టున్నారు. నేను పనిచేసిన చోట ఏ సరఫరాదారైనా తన అమ్మకంలో 30 శాతం పైగా మా మీదే ఆధారపడితే ఆ పేరు మా జాబితాలో ఎర్రగా కనిపించేది. మేం ఒక మోడల్ ఆపితే ఆ షాపు మూతపడుతుంది, దాంతో మిగతా మోడళ్ల భాగాలూ ఆగుతాయి. అది మాకే తలనొప్పి.

టర్నింగ్_షాపు

సార్, సెట్టింగ్ కలపలేదు. ప్రోగ్రాం నడిచిన గంటలే చూస్తున్నాం. లాగ్ బుక్ తిరగేసి కలిపి చూశాను.

సెట్టింగ్ లేకుండా అయితే పెద్దాయనకు నెలకు 840 గంటలు, చిన్నవాళ్లకు 240. వంద గంటలకు పెద్దాయన 4.3 మిగులిస్తున్నాడు, చిన్నవాళ్లు 6.7. ఇది చూసి చాలా సంతోషించాను. సెట్టింగ్ కలిపాక పెద్దాయనవి 880 గంటలు, చిన్నవాళ్లవి 330. అంటే 4.1, 4.8. తేడా దాదాపు కరిగిపోయింది. రెండు షిఫ్టుల్లో మాకు దొరికేవి 1250 గంటలు, 1210 వాడేస్తున్నాం.

లెక్కల_శ్రీదేవి

పర్చేజ్_మాజీ గారికి కృతజ్ఞతలు, ఆ లెక్క నేను అడగాల్సింది.

వంద గంటలకు 4.8 చొప్పున అదనంగా 14 రావాలంటే 290 గంటలు కావాలి. ఉన్నవి 40. మిగతా 250 పెద్దాయన పని నుంచే రావాలి, ఇంకో చోటు లేదు. ఇప్పుడు పెద్దాయన భాగాలను ఒక్కొక్కటిగా గంట మిగులు ప్రకారం వరసలో పెట్టండి. అన్నీ ఒకే తీరున ఉండవు. చాలా ఏళ్ల క్రితం ధర కట్టినవి, డ్రాయింగులో టాలరెన్స్ తరువాత బిగించినవి అడుగున తేలతాయి.

టర్నింగ్_షాపు

మేడం అన్నట్టే ఉంది. 42 భాగాల్లో అడుగున తొమ్మిది. ఆ తొమ్మిదింటి అమ్మకం 10, మిగులు 4 మాత్రమే, తింటున్న గంటలు 190. వంద గంటలకు 2 పైచిలుకు. మిగతా 33 భాగాలు 690 గంటల్లో 32 ఇస్తున్నాయి, అంటే 4.6. ఇన్నాళ్లూ పెద్దాయన పని అంతా ఒక్కటే ముద్దగా చూశాను.

అందులో ఒక పొడవాటి సన్న షాఫ్టు ఉంది. స్టెడీ రెస్ట్ పెట్టినా వంగుతుంది, రెండుసార్లు ఫినిష్ కట్ వేయాలి. దాన్ని ఒప్పుకున్నప్పుడు మెషిన్లు ఖాళీగా ఉండేవి.

నిప్పురవ్వ

మరింకేం అన్నా! ఆ తొమ్మిదీ రేపే వెనక్కిచ్చెయ్. 190 గంటలు ఖాళీ. నేను మొదట చెప్పిందీ ఇదే కదా.

పర్చేజ్_మాజీ

వదిలించుకోవాలన్న మాట వరకు సరే, రేపే అనడం ప్రమాదం. కొనేవాళ్లు భాగాలను ఒక్కొక్కటిగా కాక గుంపుగా చూస్తారు. మీరు షాఫ్టు వద్దంటే, అదే అసెంబ్లీలోకి వెళ్లే బుష్, నట్ కూడా కొత్త షాపుకు ఇవ్వడం వాళ్లకు సులువు, ఎందుకంటే ఆ మూడూ ఒకదానిలో ఒకటి కూర్చోవాలి, తేడా వస్తే ఒకరినే అడగొచ్చు. కాబట్టి ముందు ఆ తొమ్మిదిలో ఏవి విడిగా ఉన్నవి, ఏవి మీ మంచి 33లో ఉన్నవాటితో కలిసి వెళ్తాయో గీతలు గీసి చూసుకోండి. కలిసి వెళ్లేవాటి జోలికి ఇప్పుడే పోవద్దు.

విడివాటికి కూడా వెనక్కి ఇస్తానన్న మాట వాడకండి. ధర తగ్గించమని ఆయనే తలుపు తీశాడు కదా. దానికి జవాబుగా మొత్తం జాబితా మీద పనిచేసి పంపండి. ఎక్కువ లాట్ నడిచే కొన్ని భాగాల మీద కొంత తగ్గించండి, ఈ విడి భాగాల మీద నిజమైన గంటలు చూపించి పెంచండి. కొత్త పర్చేజ్ మనిషికి పైవాళ్లకు చూపించడానికి ఒక తగ్గింపు కావాలి, అది దొరుకుతుంది. పెంచిన ధర నచ్చకపోతే వేరే షాపు చూసుకోవడానికి నాలుగు నెలలు గడువు, ఆ లోపు కావాలంటే కొంత నిల్వ చేసి పెడతామని రాయండి. అలా రాసినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. అకస్మాత్తుగా ఆపినవాణ్ణి మాత్రం గుర్తుపెట్టుకుంటారు.

ఇంకొకటి. తగ్గింపు ఇస్తే బదులుగా ఏదైనా అడగండి. 90 రోజులు 60 కావడం, లేదా ఆర్డర్లు ఆపేముందు రాతపూర్వకంగా నాలుగు నెలల నోటీసు. వాళ్లు పంపే ఆరు నెలల ఫోర్‌కాస్టు మీద సంతకం ఉండదు, దాన్ని నమ్మి సరుకు కొంటే ఆ రిస్కు మీదే. వాళ్ల కోసమే తెప్పించే ప్రత్యేకమైన రాడ్ సైజులుంటే, ఆర్డరు ఆగితే ఆ సరుకు వాళ్లే తీసుకోవాలన్న వాక్యం ఒకటి పెట్టించుకోండి. నా అనుభవంలో ధర మీద ఒక్క శాతం కదలని పర్చేజ్ మనిషి కూడా ఈ వాక్యానికి ఒప్పుకుంటాడు, ఎందుకంటే అది అతని ఈ ఏడాది లెక్కలో కనపడదు.

వార్తల_వేట

ఇది చిన్నవాళ్ల బాధే కాదు. ఇమాజినేషన్ టెక్నాలజీస్ అనే చిప్ డిజైన్ కంపెనీకి ఆదాయంలో దాదాపు సగం ఆపిల్ నుంచే వచ్చేది. 2017 ఏప్రిల్‌లో, ఇంకో పదిహేను నెలల నుంచి రెండేళ్లలో మీ డిజైన్లు వాడటం ఆపేస్తామని ఆపిల్ చెప్పిందని ఆ కంపెనీయే ప్రకటించింది. ఒక్క రోజులో షేరు ధర సగానికి పైగా పడింది. అదే ఏడాది కంపెనీ అమ్ముడుపోయింది.

డయలాగ్ సెమీకండక్టర్‌కు ఆపిల్ వాటా ఇంకా ఎక్కువ, సుమారు నాలుగింట మూడు వంతులు. వాళ్లు 2018లో ఆ పనిలో కొంత భాగాన్ని, దానితో పాటు 300 మందికి పైగా ఇంజనీర్లను ఆపిల్‌కే 30 కోట్ల డాలర్లకు ఇచ్చారు. ఇంకో 30 కోట్ల డాలర్లు ముందుగా చెల్లించేలా ఒప్పందం చేసుకున్నారు. తరువాత మిగతా వ్యాపారాన్ని పెంచుకున్నారు.

పర్చేజ్_మాజీ

డయలాగ్ చేసిందే నేను చెబుతున్నది, చిన్న కొలతలో. పోయే పనిని తామే ఎంచుకుని, బేరంగా మార్చి, సమయం కొనుక్కున్నారు.

మూడోది కూడా చదవదగ్గది. జీటీ అడ్వాన్స్‌డ్ అని నీలమణి గాజు చేసే కంపెనీ. ఆపిల్ ముందుగా ఇచ్చిన డబ్బుతో కొలుములు పెట్టింది. ఆ సరుకు ఇంకొకరికి అమ్మడానికి ఒప్పందం అడ్డు, ఆపిల్ మాత్రం కనీసం ఇంత కొనాలన్న నియమం లేదు. 2014 అక్టోబరులో దివాలా పిటిషన్ వేసింది. మీ ఒప్పందంలో కూడా వాళ్ల పోటీదారులకు చేయకూడదన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే, మీ ఫిక్స్చర్లు ఎవరి పేరున ఉన్నాయో కూడా చూడండి. వాళ్లు డబ్బిచ్చి చేయించిన ఫిక్స్చరు మీద ఇంకొకరి పని పెట్టకూడదు.

టర్నింగ్_షాపు

చూశాను సార్. పోటీదారుల వాక్యం లేదు. డ్రాయింగులు బయటకు ఇవ్వకూడదని మాత్రమే ఉంది. ఫిక్స్చర్లలో మూడు వాళ్లవి, మిగతావి మావే.

ఇంకో ఇబ్బంది. ఇప్పటికీ నెలలో ఒకసారైనా కొత్తవాళ్ల పని పెడదామని ఒక మెషిను ఖాళీ చేస్తాం. ఆ సాయంత్రమే పెద్దాయన నుంచి ఫోను, లైను ఆగిపోయేలా ఉంది, ఈ రెండు వందల ముక్కలు రేపటికి కావాలని. కొత్తవాళ్లది మళ్లీ వెనక్కి. కిందటిసారి ఒకాయన విసిగి డ్రాయింగు వెనక్కి తీసుకున్నారు.

గ్రైండింగ్_కుమారి

మాది సర్ఫేస్, సిలిండ్రికల్ గ్రైండింగ్. మేం ఇదే గొయ్యిలోంచి బయటికొచ్చాం. 'ఖాళీ చేద్దాం' అన్న పద్ధతిలో ఎప్పటికీ ఖాళీ కాదండీ. ఒక మెషిను, ఒక షిఫ్టు శాశ్వతంగా కొత్తవాళ్లది అని బోర్డు మీద రాసేశాం. పెద్ద కస్టమరు అత్యవసరం వస్తే ఆ షిఫ్టు ముట్టుకోం, వేరే మెషినులో ఓటీ పెడతాం, ఆ ఓటీ ఖర్చు బిల్లులో విడిగా చూపిస్తాం. విచిత్రం ఏమిటంటే అత్యవసరాలు సగానికి తగ్గాయి. ఊరికే దొరికినన్నాళ్లూ ప్రతిదీ అత్యవసరమే.

మొదట్లో ఆ షిఫ్టు సగం రోజులు పనిలేకుండా ఉంటుంది. ఆ నష్టాన్ని ముందే ఒప్పుకుని దిగాలి. చూస్తూ ఉండలేక మా ఆయన రెండుసార్లు పెద్ద కస్టమరు పని దాని మీద పెట్టబోతే నేనే ఆపాను.

కొత్తవాళ్లకు కొటేషన్ ఇచ్చేటప్పుడు సెట్టింగ్ ఖర్చు ఒక వరస, ముక్క ధర ఒక వరస, విడిగా రాయండి. ముక్క ధరలో కలిపేస్తే అరవై ముక్కలకు ఒప్పుకుని ఇరవై ముక్కలకు ఆర్డరు పెడతారు. విడిగా ఉంటే వాళ్లే లాట్ పెంచుకుంటారు.

అట్టపెట్టెలు

ఎవరి దగ్గరికి వెళ్లాలన్న దాని మీద ఒక మాట. మేం దెబ్బ తిన్నాక రెండో కస్టమరును పట్టుకున్నాం, బానే ఉందనుకున్నాం. తీరా చూస్తే ఆయన మా పాత కస్టమరుకే విడిభాగాలు పంపుతాడు. పేర్లు రెండు, చివర నిలబడ్డవాడు ఒక్కడే. టర్నింగ్_షాపు గారూ, మీ చిన్న కస్టమర్లు చేసే సరుకు చివరికి ఎక్కడికి వెళ్తుందో ఒకసారి అడిగి చూడండి.

టర్నింగ్_షాపు

అడిగాను. 24లో 7 మా పెద్దాయనకే వెళ్తోంది. ఒక పంపు అసెంబ్లీ చేసే ఆయన, అవన్నీ అక్కడికే. అంటే నిజంగా ఆధారపడింది 76 కాదు, 83. ఆ 7లో నాకు మిగిలేది 5 దాకా ఉంటుంది.

లెక్కల_శ్రీదేవి

అయితే మీ 16 అసలు 11. కావాల్సినది 14 కాదు, 19. వంద గంటలకు 4.8 చొప్పున 400 గంటలకు దగ్గర. తొమ్మిది భాగాలూ పోయినా, ఖాళీ 40 కలిపినా మీకు దొరికేవి 230. అంటే 11 వస్తుంది, 8 తక్కువ.

దీన్ని మూడు వైపుల నుంచి కొరకాలి. గ్రైండింగ్_కుమారి గారు చెప్పినట్టు సెట్టింగ్ విడిగా వసూలైతే 4.8 కాస్త పైకి వెళ్తుంది. రెండోది, వచ్చే మిగులును విస్తరణకు కాక ముందు ఓవర్‌డ్రాఫ్టు తగ్గించడానికి వాడటం. 80 కాక 40 ఉంటే, అదే మూడు నెలల లెక్కలో మీ చేతిలో 4కు బదులు 44 ఉంటుంది. మూడోది సమయం. దీనికి రెండేళ్లు పడితే తప్పేం లేదు, దిశ సరిగ్గా ఉంటే చాలు. 8 తక్కువతో ఉన్న షాపుకూ ఇప్పటి షాపుకూ ఎంతో తేడా ఉంది.

కొత్త పనికి ముడిసరుకు డబ్బు ఎక్కడిదని దిగులు పడకండి. తొమ్మిది భాగాలు తగ్గితే వాటి మూడు నెలల బకాయి, సుమారు 30, వెనక్కి వస్తుంది. అందులో వాటి సరుకు బాకీ, ఓవర్‌డ్రాఫ్టు వాటా పోయినా కొంత మిగులుతుంది. దాన్ని కొత్తవాళ్ల సరుకుకు పక్కన పెట్టండి, వేరే దానికి కలపొద్దు.

నిప్పురవ్వ

ఒప్పుకుంటాను, లాట్ సైజు సంగతి నేను ఆలోచించలేదు. అయినా ఒకటి అడుగుతా. పెద్దాయన పోటీదారు దగ్గరికే ఎందుకు వెళ్లకూడదు? అవే ఫిట్టింగులు, అవే లాట్లు, సెట్టింగ్ నష్టం లేదు.

పర్చేజ్_మాజీ

మంచి ప్రశ్న, లాభనష్టాలు రెండూ ఉన్నాయి. పెద్ద లాట్లు దొరుకుతాయి, మీ పనితనానికి పరిచయం అక్కర్లేదు. కానీ ఆ రంగం పడితే ఇద్దరూ ఒకే నెలలో ఆర్డర్లు తగ్గిస్తారు. ఒక కస్టమరు అలిగి పోవడం నుంచి కాపాడుతుంది, మార్కెట్ పడిపోవడం నుంచి కాపాడదు. నేనైతే పని అదే ఉండి, వాడుక వేరుగా ఉండేవాళ్లను చూస్తాను. అదే స్టెయిన్‌లెస్ ఫిట్టింగు యంత్రాలకూ వెళ్తుంది, ద్రవాలు నింపే ప్లాంట్లకూ వెళ్తుంది. రెండూ ఒకేసారి పడటం అరుదు.

గ్రైండింగ్_కుమారి

నేను ఒప్పుకోను సార్. మొదటి అడుగులో వేరే రంగం అంటే వేరే సర్టిఫికెట్లు, వేరే తనిఖీ కాగితాలు, అప్రూవల్‌కే ఆర్నెల్లు. ఊపిరి నిలవాలంటే ముందు పోటీదారు, తరువాతే వేరే రంగం. మేం అలాగే చేశాం.

టర్నింగ్_షాపు

కొన్ని నెలలు గడిచాయి, ఎక్కడిదాకా వచ్చిందో చెబుతాను.

గీతలు గీసి చూస్తే తొమ్మిదిలో నాలుగు మంచి భాగాలతో ముడిపడి ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. మిగతా అయిదింటికి గంటలతో సహా ధర పంపాను, ఎక్కువ నడిచే పన్నెండు భాగాల మీద 2 శాతం తగ్గించాను. అయిదులో రెండింటికి కొత్త ధర ఒప్పుకున్నారు, షాఫ్టుతో సహా. మూడు వేరే షాపుకు వెళ్తున్నాయి. 90 రోజులు మారలేదు. ప్రత్యేక రాడ్ సరుకు వాళ్లే తీసుకునే వాక్యం మాత్రం, సార్ చెప్పినట్టే, ఒక్క మాట అనకుండా పెట్టారు. నోటీసు గడువు వాళ్ల లీగల్ దగ్గర ఉంది.

రెండో లేత్ పగటి షిఫ్టు బోర్డు మీద రాశాం. రెండు కొత్త విచారణలు వచ్చాయి. ఒకటి రిపీట్ ఆర్డరు అయింది, లాట్ 150. రెండో ఆయన శాంపిల్ థ్రెడ్ గేజ్ దగ్గర ఆగింది, ప్లేటింగ్ మందం చూసుకోకుండా థ్రెడ్ కోశాం. పూత పడ్డాక గో గేజ్ ఎక్కలేదు. మళ్లీ చేసి పంపాం.

పంపు అసెంబ్లీ ఆయన ఇప్పుడు లాట్ రెట్టింపు చేస్తానంటున్నాడు. డబ్బు మంచిదే, సెట్టింగ్ తక్కువ. కానీ అది చివరికి పెద్దాయన ఖాతాలోనే పడుతుంది. తీసుకోవాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాను.

లెక్కల_శ్రీదేవి

ఏ మెషిను మీద పెడతారన్నదే ప్రశ్న. పోయిన మూడు భాగాల గంటల్లో పడితే తీసుకోండి, పెద్దాయన లెక్కలోనే రాసుకోండి. బోర్డు మీద రాసిన షిఫ్టులోకి రావాల్సి వస్తే వద్దు.

అట్టపెట్టెలు

నేనైతే ఏ మెషినైనా తీసుకోను. కానీ నాకు తగిలిన దెబ్బ ఇంకా గుర్తుంది కాబట్టి అలా అంటున్నానేమో, శ్రీదేవి గారి మాట కూడా చూసుకోండి.

పర్చేజ్_మాజీ

తీసుకునేముందు ఆయన్ను ఒకటి అడగండి. రెట్టింపు లాట్ ఆయన నిల్వ కోసమా, పెద్దాయన నిజంగా పంపులు ఎక్కువ అడుగుతున్నాడా? పాత షాపును మార్చేముందు నిల్వ పెంచుకోవడం కొనేవాళ్లకు మామూలే.